25లో 30 ఎలా ఇముడుతుంది?

పెళ్లి ఫిల్ములో తలంబ్రాల ఘట్టం నడుస్తోంది. పెద్ద కెమెరాతో తీసిన షాట్లో పెళ్లికూతురి దోసిలి పళ్లెంలోంచి పెళ్లికొడుకు తల మీదికి ఒకే ఊపులో లేస్తుంది. తర్వాతి షాట్ అమెరికా నుంచి వచ్చిన మేనమామ ఫోన్లో తీసింది. మండపం అదే, దీపాలు అవే, రంగులు కూడా ఎడిటర్ కలిపేశాడు. అయినా ఈ షాట్లో చెయ్యి లేస్తుంటే సన్నగా అదురుతుంది, గతుకుల రోడ్డు మీద సైకిల్ వెళ్తున్నట్టు. చూసేవాళ్లకు కారణం తెలియదు. ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. అదే షాట్‌ను ఒక్కో ఫ్రేము జరుపుతూ చూస్తే విషయం బయటపడుతుంది. చెయ్యి నాలుగు అడుగులు సమానంగా వేసి, ఐదో అడుగు రెట్టింపు దూరం వేస్తోంది. మళ్లీ నాలుగు సమానం, మళ్లీ ఒక దూకుడు. సెకనుకు ఐదు దూకుళ్లు.

లెక్క చిన్నదే. ఫోన్ సెకనుకు 30 బొమ్మలు తీసింది. టైమ్‌లైన్ సెకనుకు 25 బొమ్మలే చూపిస్తుంది. ఒక సెకను ఒక సెకనుగానే మిగలాలంటే ఐదు బొమ్మలు ఎక్కడో పోవాలి. సాఫ్ట్‌వేర్ మనల్ని అడక్కుండా ప్రతి ఆరు బొమ్మల్లో ఒకటి తీసి పక్కన పెట్టింది. అదురంతా ఆ ఖాళీల్లో ఉంది.

వేర్వేరు ఫ్రేమ్ రేట్ల క్లిప్పులను ఒకే టైమ్‌లైన్‌లో కలపడం గురించి వంద చిట్కాలు చెలామణిలో ఉన్నాయి. ఫలానా బటన్ నొక్కండి, ఫలానా సెట్టింగ్ పెట్టండి అంటారు. అన్నిటి కిందా ఉన్న ప్రశ్న ఒక్కటే: కాలాన్ని కాపాడాలా, ఫ్రేములను కాపాడాలా? రెండూ ఒకేసారి కుదరవు. కాలాన్ని పట్టుకుంటే ఫ్రేములు రాలిపోతాయి, లేదా రెండేసిసార్లు కనిపిస్తాయి. ఫ్రేములను పట్టుకుంటే వేగం మారుతుంది. రెండూ కావాలంటే లేని ఫ్రేములను కొత్తగా పుట్టించాలి, దానికి వేరే మూల్యం ఉంది. ఉన్న దారులు ఈ మూడే. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కినా వీటిలో ఒకదాన్ని ఎంచుకున్నట్టే.

అంకెలు ఎక్కడివి

24 సినిమాది. 1920ల చివర్లో తెర మీదికి మాట వచ్చినప్పుడు ఖాయమైన వేగం అది. 25, 30 కరెంటువి. మన దేశంలో, యూరప్‌లో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి టీవీ దానిలో సగం, 25 పట్టుకుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 30 వచ్చింది. 1953లో అమెరికా రంగుల టీవీకి మారినప్పుడు ఆ 30 కాస్త తగ్గి 29.97 అయింది. అందుకే కెమెరా మెనూలో 30 అని కనిపించేది చాలాసార్లు 29.97, 60 అన్నది 59.94, 24 అన్నది 23.976. ఈ వెయ్యింట ఒక వంతు తేడా చిన్న షాట్లో కంటికి ఆనదు. కానీ గంటసేపు సాగే కచేరీ రికార్డింగ్‌లో ఒకదాన్ని ఇంకొకటిగా లెక్కేస్తే చివరికి మాటకూ పెదవికీ మధ్య 3.6 సెకన్ల ఎడం వస్తుంది.

ఈ అంకెలు మనకు తెచ్చిపెట్టే చిక్కు ఏమిటంటే, ఇక్కడి కెమెరావాళ్లు 25లో తీస్తుంటే ఫోన్లు మాత్రం ఎక్కడ కొన్నా మామూలుగా 30లోనే తీస్తాయి. డ్రోన్ ఎగరేసే అబ్బాయి మెనూలో ఏది ఉంటే దానితోనే ఎగరేస్తాడు. కాబట్టి నా ముందున్న పెళ్లిలో నాలుగు రకాల సరుకు చేరింది. రెండు పెద్ద కెమెరాలు 25లో, స్లో మోషన్ కోసం వాటితోనే తీసిన కొన్ని షాట్లు 50లో, డ్రోన్ 29.97లో, మేనమామ ఫోన్ క్లిప్పులు కొన్ని 30లో, కొన్ని 60లో. ఎక్కువ సరుకు 25 కాబట్టి టైమ్‌లైన్ 25. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. ఎక్కువ నిడివి, ముఖ్యంగా మాటా పాటా ఉన్న నిడివి ఏ రేట్లో ఉందో టైమ్‌లైన్ దానిదే కావాలి. రీల్స్ కోసం మొత్తం ఫోన్లతోనే తీసి ఉంటే నేను మొహమాటం లేకుండా 30 పెడతాను. హాల్లో వేసే సినిమా అయితే 24.

కాలాన్ని పట్టుకుంటే

క్లిప్‌ను టైమ్‌లైన్ మీద పడేసినప్పుడు చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ముందుగా పట్టే దారి ఇదే. Premiereలో దీన్ని Frame Sampling అంటారు, Resolveలో Nearest అంటారు. టైమ్‌లైన్‌లో ఒక్కో ఫ్రేము వంతు వచ్చినప్పుడు ఆ క్షణానికి దగ్గరగా ఉన్న అసలు బొమ్మను తెచ్చి పెడుతుంది. శబ్దం చెక్కుచెదరదు, వేగం మారదు, బొమ్మ పదును తగ్గదు. పోయేది అడుగుల సమానత్వం ఒక్కటే.

అది ఎంత పోతుందన్నది రెండు అంకెల పొందికను బట్టి ఉంటుంది. 50 నుంచి 25కి వస్తే ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిపోతుంది. అన్ని అడుగులూ సమానమే. 60 నుంచి 25కి వస్తే అడుగులు 2, 2, 3, 2, 3 అని పడతాయి. సమానం కాదు, కానీ పెద్ద అడుగు చిన్నదానికి ఒకటిన్నర రెట్లే. 30 నుంచి 25కి వస్తే 1, 1, 1, 1, 2. ఇక్కడ పెద్ద అడుగు సరిగ్గా రెట్టింపు. అందుకే మేనమామ ఫోన్లో 60లో తీసిన క్లిప్పులు 30లో తీసినవాటికంటే నా టైమ్‌లైన్‌లో నున్నగా నడిచాయి. ఎక్కువ ఫ్రేములు ఉంటే ఎంచుకోవడానికి దగ్గరి బొమ్మ దొరుకుతుంది.

25 నుంచి 24కి రావడం అన్నిటికంటే తేలికని చాలామంది అనుకుంటారు. సెకనుకు ఒక్క ఫ్రేమే కదా పోయేది అంటారు. నా అనుభవంలో కెమెరా అడ్డంగా తిరిగే షాట్లో ఇది బాగానే కనబడుతుంది. దాదాపు సెకనుపాటు కదలిక సాఫీగా సాగి కన్ను దానికి అలవాటు పడ్డాక ఒక్కసారి తట్టు తగులుతుంది. మళ్లీ సెకనుకి మళ్లీ తట్టు. గడియారం కొట్టినట్టు క్రమంగా వచ్చే తట్టును కన్ను తొందరగా పసిగడుతుంది.

అదురు కనపడటం కనపడకపోవడం షట్టర్ మీద కూడా ఆధారపడుతుంది, ఇది చాలామంది పట్టించుకోని విషయం. మిట్టమధ్యాహ్నం ఎదురుకోలు ఊరేగింపును ఫోన్ తీస్తే, వెలుతురు ఎక్కువై దాని షట్టర్ సెకనులో వెయ్యో వంతు దాకా వెళ్తుంది. ఒక్కో బొమ్మా చెక్కినట్టు పదునుగా ఉంటుంది, కదలిక మసక అసలుండదు. అలాంటి షాట్లో ఒక్క ఫ్రేము పోయినా తెలిసిపోతుంది. అదే ఫోన్ రాత్రి మండపంలో తీస్తే షట్టర్ నెమ్మదించి చేతుల అంచులు మసకబారతాయి, ఆ మసకే దూకుడును కప్పేస్తుంది. 30 నుంచి 25కి మార్చిన రాత్రి షాట్లు చాలావాటిని నేను ముట్టుకోకుండా వదిలేశాను. పగటి షాట్లనే బాగుచేశాను.

ఫ్రేములను పట్టుకుంటే

రెండో దారి దీనికి తలకిందులు. ఒక్క ఫ్రేమూ పారేయం, ఒక్కటీ చేర్చం. 30లో తీసిన బొమ్మలన్నిటినీ వరుసగా సెకనుకు 25 చొప్పున చూపిస్తాం. ఒక సెకను 1.2 సెకన్లు అవుతుంది. Premiereలో క్లిప్ మీద Modify, Interpret Footage తెరిచి Assume this frame rate దగ్గర 25 అని కొట్టడం ఇదే. Resolveలో Clip Attributes తెరిచి Video Frame Rate మార్చడం ఇదే.

ఈ దారి పాతది, నమ్మకమైనది. పాల్ పద్ధతి పాటించిన దేశాల్లో 24 ఫ్రేముల సినిమాను టీవీకి ఎక్కించేటప్పుడు దశాబ్దాలపాటు చేసింది ఇదే. ఫ్రేములను అలాగే ఉంచి 25 వేగంతో నడిపేవారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది, శ్రుతి సరిచేయకపోతే పాట ముప్పావు స్వరస్థానం పైన వినిపించేది. ఆ నాలుగు శాతం వేగాన్ని ఇంట్లో కూర్చున్న ప్రేక్షకులు పట్టుకోలేదు. సెకనుకు ఒక తట్టు తగిలి ఉంటే పట్టుకునేవారు. ఇప్పటికీ 25లో తీసిన డాక్యుమెంటరీని హాల్లో 24లో వేయాలంటే, ఫ్రేములు తీసేయడం కంటే మొత్తాన్ని 96 శాతం వేగానికి దించి శ్రుతిని సరిచేయడమే మేలని నా అభిప్రాయం.

పెళ్లి డ్రోన్‌కు నేను పట్టిన దారి ఇదే. 29.97ను 25గా చదివిస్తే వేగం 83.4 శాతం అవుతుంది. పైనుంచి కల్యాణ మండపం, పూల తోరణాలు, కింద చీమల్లా నడిచే జనం. ఆ షాట్ ఆరో వంతు నెమ్మదిస్తే ఇంకా హుందాగా ఉంటుంది. డ్రోన్‌కు ఎలాగూ శబ్దం లేదు, పోయేదీ లేదు. అదురు మాత్రం పూర్తిగా పోయింది, ఎందుకంటే ప్రతి అడుగూ తీసినప్పటి అడుగే.

ఇదే వైద్యం మేనమామ ఫోన్‌కు చేస్తే మాత్రం ఫిల్ము పాడవుతుంది. మనుషుల నడక బరువెక్కుతుంది, నవ్వు సాగుతుంది. నాదస్వరం దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది, పక్క షాట్లోని అదే నాదస్వరంతో కలవదు. అందుకే నేను పాటించే హద్దు ఇది: షాట్లో మాట్లాడే మనిషి గాని, వాయించే చెయ్యి గాని, తాళానికి పడే అడుగు గాని ఉంటే కాలాన్ని ముట్టుకోను. అవేవీ లేకపోతే ఫ్రేములను కాపాడతాను.

స్లో మోషన్ కూడా ఈ రెండో దారే. కాకపోతే అక్కడ వేగం తగ్గడమే మనకు కావాలి. ఊహించని వేగాలు ఎక్కువగా పుట్టేదీ ఇక్కడే. మొదటి పొరపాటు రెండుసార్లు నెమ్మదించడం. 50లో తీసిన క్లిప్‌ను ముందు 25గా చదివిస్తాం, అంటే అప్పటికే సగం వేగం. తర్వాత టైమ్‌లైన్‌లో అలవాటు కొద్దీ Speed 50 శాతం పెడతాం. ఇప్పుడది పావు వేగం, ప్రతి ఫ్రేమూ రెండేసిసార్లు కనిపిస్తుంది. అక్షింతలు గాల్లో ఆగి ఆగి పడతాయి. ఏదో ఒకటే చేయాలి. రెండో పొరపాటు ఆ 50 శాతం అన్న అలవాటే. 60లో తీసినదానికి 25 టైమ్‌లైన్‌లో సగం వేగం పెడితే అది సెకనుకు 30 బొమ్మల లెక్కన నడుస్తుంది, మళ్లీ ఆరింట ఒకటి రాలిపోతుంది, మొదట్లో చెప్పిన అదురే స్లో మోషన్‌లో తిరిగొస్తుంది. అక్కడ పెట్టాల్సింది 25ను 60తో భాగిస్తే వచ్చే 41.67 శాతం. ఫైలు 59.94 అయితే 41.71. టైమ్‌లైన్ రేటును క్లిప్ రేటుతో భాగించాలన్న ఈ ఒక్క లెక్క గుర్తుంటే స్లో మోషన్ ఎప్పుడూ గతుకు పడదు.

కొన్ని కెమెరాల్లో స్లో మోషన్ కెమెరాలోనే తయారవుతుంది. 100లో తీసి 25 ఫైలుగానే కార్డు మీద రాస్తాయి. ఆ ఫైలు చూడటానికి మామూలు 25 లాగే ఉంటుంది, చాలావాటిలో శబ్దం ఉండదు. దాన్ని ఇంకా నెమ్మదిస్తే ఫ్రేములు రెట్టింపు కావడమో, లేనివి పుట్టించడమో తప్ప దారి లేదు.

లేని ఫ్రేములను పుట్టిస్తే

మూడో దారిలో కాలమూ నిలుస్తుంది, అడుగులూ సమానమవుతాయి. మధ్యలో కావలసిన బొమ్మను సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఇందులో తేలికైనది ఫ్రేమ్ బ్లెండింగ్, పక్కపక్క ఫ్రేములు రెండిటినీ కలిపి ఒకటి చేయడం. నెమ్మదిగా కదిలే దూరపు షాట్లలో ఇది నడుస్తుంది. చెయ్యి వేగంగా లేస్తే రెండు చేతులు కనపడతాయి. పైగా కొన్ని ఫ్రేములు అసలువి, కొన్ని కలిపినవి కాబట్టి పదును సెకనుకు ఐదుసార్లు పెరిగి తగ్గుతుంది. అదురును తీసి ఆ స్థానంలో సన్నటి రెపరెపను పెట్టినట్టు. ముఖాలు దగ్గరగా ఉన్న షాట్లకు నేను దీన్ని వాడను.

రెండోది ఆప్టికల్ ఫ్లో. ఒక ఫ్రేములోని ఒక్కో చుక్కా తర్వాతి ఫ్రేములో ఎక్కడికి వెళ్లిందో కనిపెట్టి, మధ్యలో ఎక్కడుండేదో అక్కడ గీస్తుంది. కుదిరినప్పుడు ఫలితం చాలా బాగుంటుంది. పీటర్ జాక్సన్ 2018లో తీసిన 'దే షల్ నాట్ గ్రో ఓల్డ్' చూసినవాళ్లకు ఇది తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధపు ఫిల్ము చేతితో తిప్పిన కెమెరాలతో తీసింది, షాట్ షాట్‌కూ వేగం వేరు. ఒక్కో షాట్ అసలు ఏ వేగంతో తీసి ఉంటారో అంచనా కట్టి, మధ్య ఫ్రేములు పుట్టించి 24కి తెచ్చారు. మూకీల్లో హడావుడిగా పరిగెత్తే సైనికులు అందులో మామూలు మనుషుల్లా నడుస్తారు. గమనించాల్సింది ఏమిటంటే, అన్నిటికీ ఒకే అంకె వేయలేదు. షాట్ షాట్‌కూ తేల్చుకున్నారు.

మా పెళ్లిలోనూ అంతే. మేనమామ ఫోన్ పట్టుకుని మండపం ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పిన పగటి షాట్‌కు ఆప్టికల్ ఫ్లో పెడితే అదురు మాయమైంది. అదే తలంబ్రాల షాట్‌కు పెట్టి చూశాను. చేతులు బాగానే వచ్చాయి. గాల్లో ఉన్న బియ్యం మాత్రం పిండిలా సాగిపోయింది. వేల గింజలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఈ ఫ్రేములోని గింజ ఆ ఫ్రేములో ఏదో సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టలేదు. గాజులు ముఖానికి అడ్డం వచ్చినచోట చెంప అంచు నీళ్లలో నీడలా వంగింది. ఇంకో ప్రమాదం ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్. ఒక్క ఫ్రేములో మండపమంతా తెల్లబడుతుంది, ఆ తెలుపును పక్క ఫ్రేములతో కలపబోయి ఆప్టికల్ ఫ్లో బొమ్మను చెరిపేస్తుంది. పెళ్లిలో ఫ్లాష్ పడని నిమిషం ఉండదు. కాబట్టి దీన్ని టైమ్‌లైన్ మొత్తానికి ఒకేసారి పెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు. షాట్‌కు పెట్టాలి, పెట్టాక ఆ షాట్‌ను ఫ్రేము ఫ్రేముగా తిప్పి చూడాలి. తలంబ్రాల షాట్‌కు చివరికి మొదటి దారికే తిరిగి వెళ్లాను. పెద్ద ఊపు ఉన్నచోట కత్తిరించి, ఆ అరసెకను పెద్ద కెమెరా షాట్‌తో నింపాను. కొన్నిసార్లు సరైన మందు కత్తెరే.

అంకె అబద్ధమైనప్పుడు

ఇంతవరకు 30 అంటే ఖచ్చితంగా 30 అనుకుని మాట్లాడాం. ఫోన్ల విషయంలో అది నిజం కాదు. వెలుతురు తగ్గితే ఫోన్ ఒక్కో బొమ్మకు ఎక్కువ సమయం తీసుకుని ఫ్రేములు తగ్గిస్తుంది, వెలుతురు వస్తే మళ్లీ పెంచుతుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. స్క్రీన్ రికార్డింగులు కూడా ఇలాగే ఉంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకే రేటు ఉందనుకుని లెక్కేస్తే క్లిప్ మొదట్లో సరిగ్గా ఉన్న పెదవులు చివరికి మాటకు వెనకబడతాయి. అదురు కూడా ఒక క్రమంలో ఉండదు, ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. క్రమం లేని అదురు కనిపిస్తే నేను ముందు అనుమానించేది దీన్నే.

తేల్చుకోవడానికి MediaInfoలో ఫైలు తెరిచి Frame rate mode దగ్గర Variable అని ఉందేమో చూస్తే చాలు. కింద కనిష్ఠ, గరిష్ఠ రేట్లు కూడా ఉంటాయి. కనిష్ఠం, గరిష్ఠం 30కి ఆనుకుని ఉంటే భయం లేదు. బాగా ఎడంగా ఉంటే టైమ్‌లైన్‌కు ఎక్కించే ముందే స్థిరమైన రేటుకు మార్చుకోవాలి. HandBrakeలో Constant Framerate ఎంచుకున్నా అవుతుంది. నేను ffmpeg వాడతాను:

```
ffmpeg -i mama.mov -vf fps=25 -c:v prores_ks -profile:v 2 -c:a pcm_s16le mama_25.mov
```

ఇక్కడ ముందు 30కి మార్చి, తర్వాత టైమ్‌లైన్‌లో 25కి వదిలేయడం కంటే నేరుగా 25కి రావడమే మంచిది. ఫోన్ చీకట్లో 24 ఫ్రేములే తీసినచోట 30 చేయాలంటే కొన్ని రెండేసిసార్లు పెట్టాలి, మళ్లీ 25 చేయడానికి కొన్ని తీసేయాలి. నేరుగా వస్తే ఒక్కో బొమ్మ తీసిన అసలు సమయాన్ని చూసి దగ్గరిది ఎంచుకుంటుంది, ఒక్కసారే నష్టం. రెండేసిసార్లు పడిన ఫ్రేముల మీద ఆప్టికల్ ఫ్లో కూడా పనిచేయదు. ఒకేలాంటి రెండు బొమ్మలను చూసి కదలిక లేదనుకుంటుంది, తర్వాతి బొమ్మకు రెట్టింపు కదలిక ఉందనుకుంటుంది. అదురు అలాగే మిగులుతుంది.

ఇంకో అబద్ధపు అంకె టైమ్‌లైన్‌దే కావచ్చు. చాలా ఏళ్ల కిందట నేను ఒక ఫిల్ము మొదలుపెడుతూ డ్రోన్ షాట్‌ను ముందుగా టైమ్‌లైన్ మీదికి లాగాను. సెట్టింగులు క్లిప్‌కు సరిపోలేదని సాఫ్ట్‌వేర్ అడిగింది. చదవకుండా Change sequence settings నొక్కాను. టైమ్‌లైన్ 29.97 అయి కూర్చుంది. 25లో తీసిన మూడు గంటల పెళ్లిలో సెకనుకు ఐదు ఫ్రేములు రెండేసిసార్లు పడ్డాయి. నాకు తెలిసింది పెళ్లివారి ఇంట్లో పెద్ద టీవీ మీద. మొత్తం మళ్లీ కొత్త టైమ్‌లైన్‌లో పేర్చుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ముందు ఖాళీ టైమ్‌లైన్ 25తో తయారుచేసి, ఆ ప్రశ్న వస్తే Keep existing settings నొక్కి, తర్వాతే క్లిప్పులు ఎక్కిస్తున్నాను. Resolveలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. క్లిప్పులు చేరాక అది ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు. ఫుటేజ్‌ను వేరే రేటుగా చదివించే పని కూడా ఎడిట్‌కు ముందే అయిపోవాలి. ఎడిట్ అయ్యాక చేస్తే ఆ క్లిప్ వాడిన ప్రతిచోటా షాట్ కోత ఇంకో క్షణానికి జరిగిపోతుంది.

ఫైల్లో ఉందా, తెరలో ఉందా

అదురు కనబడగానే ఫైలును తప్పుపట్టకూడదు. కంప్యూటర్ మానిటర్లు, చాలా ఫోన్లు సెకనుకు 60సార్లు తెరను తాజా చేస్తాయి. 25 ఫ్రేములు 60 వంతుల్లో సమానంగా పడవు. కొన్ని ఫ్రేములు రెండు వంతులు, కొన్ని మూడు వంతులు నిలుస్తాయి. శుభ్రంగా ఉన్న 25 ఫైలు కూడా అక్కడ కెమెరా తిరిగేటప్పుడు కాస్త వణుకుతుంది. మానిటర్ ఒప్పుకుంటే దాన్ని 50 హెర్ట్జ్‌కు మార్చి చూస్తాను, వణుకు పోతే ఫైల్లో తప్పు లేనట్టే. మార్చే వీలు లేకపోతే బాణం గుర్తు నొక్కుతూ ఒక పాతిక ఫ్రేములు ముందుకు వెళ్తాను. ఏ ఫ్రేమైనా కదలకుండా నిలిచినా, ఏదైనా రెట్టింపు దూకినా తప్పు ఫైల్లో ఉంది. అడుగులన్నీ సమానంగా ఉంటే తెరలో ఉంది. ఈ పరీక్షకు ఒక నిమిషం పడుతుంది, అదురు సంగతి ఇంతకంటే నమ్మకంగా చెప్పే పరీక్ష నాకు తెలియదు.

తెర 60 కదా అని చివర్లో 25 ఫిల్మును 30గా ఎక్స్‌పోర్ట్ చేసేవారున్నారు, అమెరికాలోని చుట్టాలకు పంపాలంటే తప్పదనుకుంటారు. చేయకండి. ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెట్టింపై, లేని అదురు ఫైల్లోనే శాశ్వతంగా పడిపోతుంది. మేనమామ షాట్ల పరిస్థితి ఇంకా ఘోరం. వాటిలో 30 నుంచి 25కి వచ్చేటప్పుడు ఫ్రేములు ఇప్పటికే రాలాయి, ఇప్పుడు 30కి వెళ్తూ మిగిలినవాటిలో కొన్ని రెట్టింపవుతాయి. టైమ్‌లైన్ ఏ రేటో ఎక్స్‌పోర్ట్ కూడా అదే రేటు. యూట్యూబ్ 25ను 25గానే ఉంచుతుంది.

ఈ మూడు దారులూ షూటింగ్ అయ్యాక చేసే వైద్యాలు. వాటిలో ఏదీ 25లో తీసిన 25కు సాటిరాదు, పెళ్లి తర్వాత పెళ్లి కూర్చి నేను తేల్చుకున్నది ఇది. కాబట్టి ఫిల్ము కూర్చేవాళ్లకూ తీసేవాళ్లకూ నా విన్నపం ఒక్కటే. ముహూర్తానికి ముందు రోజు సాయంత్రం డ్రోన్ అబ్బాయితో సహా అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మెనూలు తెరిపించండి. మామూలు షాట్లకు 25, స్లో మోషన్‌కు 50 లేదా 100. మండపంలో షట్టర్ 25 ఫ్రేములకు సెకనులో 50వ వంతు, 50 ఫ్రేములకు 100వ వంతు పెట్టించండి, మన కరెంటు దీపాల మినుకు కూడా పడదు. చుట్టాల్లో ఎవరిదైనా ఐఫోన్ అయితే సెట్టింగుల్లో కెమెరా, Record Video తెరిచి Show PAL Formats ఆన్ చేసి 25 ఎంచుకోమనండి, అక్కడే Auto FPS ఆపేయమనండి. 25 దొరకని ఫోన్ అయితే పగటి షాట్లకు 30 బదులు 60లో తీయమని చెప్పండి. అందరి ఫోన్లూ సరిచేయడానికి పదినిమిషాలు పడుతుంది.